ఏడాది బోనస్: అప్పు తీర్చాలా, దాచుకోవాలా, ఖర్చు పెట్టాలా?

బోనస్ చేతికి వచ్చినప్పుడు అప్పు తీర్చడం మేలా, దాచుకోవడం మేలా, ఇన్నాళ్లూ ఆపుకున్న కొనుగోలు చేయడం మేలా అని అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కుదరదు. నెలకు 3 శాతం వడ్డీ పడే క్రెడిట్ కార్డు బాకీ, ఏడాదికి 9 శాతం వడ్డీతో పదిహేనేళ్లు సాగే ఇంటి రుణం రెండూ అప్పులే అయినా, మొదటిదాన్ని ఒక్క నెల కూడా ఉంచుకోకూడదు, రెండోది ఇంకొన్నాళ్లు ఉన్నా పెద్దగా నష్టం లేదు. అలాగే పాడైన పంటికి చేయించుకునే చికిత్స, కొత్త ఫోను రెండూ ఖర్చులే అయినా, మొదటిదాన్ని వాయిదా వేస్తే ఖర్చు పెరుగుతుంది, రెండోదాన్ని వాయిదా వేస్తే చాలాసార్లు ధర తగ్గుతుంది. అందువల్ల అప్పు, పొదుపు, ఖర్చు అనే మూడు పేర్ల మధ్య ఎంచుకోవడం కాకుండా, ఏ అప్పు, ఏ పొదుపు, ఏ ఖర్చు అన్నది విడివిడిగా చూడాలి.

అలా చూడడానికి రెండు ప్రశ్నలు చాలు. ఈ డబ్బు ఇక్కడ పెడితే, పన్నులు, రుసుములు పోను ఏడాదికి నూటికి ఎంత మిగులుతుంది అన్నది మొదటి ప్రశ్న. రేపు అవసరం పడితే ఈ డబ్బు మళ్లీ నా చేతికి వస్తుందా అన్నది రెండోది. చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయి, ఉన్నదంతా అప్పుకు కట్టేసి, నాలుగు నెలల తరువాత అంతకన్నా ఎక్కువ వడ్డీకి కొత్త అప్పు చేస్తారు. మరికొందరు రెండో ప్రశ్నను మాత్రమే పట్టుకుని, బ్యాంకులో డబ్బు ఉంచుకుని పక్కనే కార్డు బాకీకి వడ్డీ కడుతూ ఉంటారు. ఈ రెండు ప్రశ్నలనూ కలిపి చూస్తే నిర్ణయం ఎలా మారుతుందో చెప్పడానికి ఒక ఉద్యోగిని లెక్కను పూర్తిగా వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకు తీసుకున్నవి, ఏ దేశపు డబ్బుగా అనుకున్నా ఫలితం మారదు.

ఆమె పరిస్థితి

ఆమె చేతికి వచ్చే నెల జీతం 70,000. తప్పనిసరి ఖర్చులు, రెండు రుణాల వాయిదాలు కలిపి నెలకు 50,000 అవుతాయి. బ్యాంకులో దాచుకున్నది 35,000, అంటే ఒక నెల ఖర్చుకు కూడా చాలదు. క్రెడిట్ కార్డు మీద 45,000 బాకీ ఉంది, దానికి వడ్డీ నెలకు 3 శాతం. పర్సనల్ లోన్‌లో 60,000 అసలు మిగిలి ఉంది, వడ్డీ ఏడాదికి 14 శాతం, ఇంకా పన్నెండు వాయిదాలు కట్టాలి, ముందే తీర్చేస్తే మిగిలిన అసలు మీద 3 శాతం రుసుము పడుతుంది. ఇంటి రుణంలో 20,00,000 అసలు మిగిలి ఉంది, వడ్డీ 9 శాతం, గడువు ఇంకా పదిహేనేళ్లు, ముందస్తు చెల్లింపుకు రుసుము లేదు.

బోనస్ 1,70,000 అని ఉత్తరంలో ఉంది, కానీ పన్ను, ఇతర కోతలు పోను ఖాతాలో పడింది 1,20,000. ఈ తేడా చిన్న విషయంలా కనిపించినా, ఎన్నో ప్రణాళికలు ఇక్కడే దెబ్బతింటాయి. ఉత్తరం చూసిన రోజునే 1,70,000కు లెక్కలు వేసుకుని, ఆ లెక్కతో ఏదైనా వాయిదాల మీద కొని ఉంటే, చేతికి రాని 50,000 కొత్త అప్పుగా మారుతుంది. బోనస్‌ను ఖాతాలో పడిన తరువాత మాత్రమే పంచాలి. ఏడాది చివర ఇంకా కట్టవలసిన పన్ను ఏమైనా ఉంటే దాన్ని కూడా ముందే పక్కన పెట్టాలి. గడువు దాటిపోయిన వాయిదాలు ఉంటే వాటి సంగతి కూడా మిగతా అన్నిటికన్నా ముందు చూడాలి, ఎందుకంటే వాటి మీద వడ్డీతో పాటు జరిమానా పడుతుంది, రుణ చరిత్ర కూడా దెబ్బతింటుంది. ఈ ఉద్యోగినికి అలాంటివి లేవు.

కార్డు బాకీ: ఇందులో తర్జనభర్జన అక్కర్లేదు

నెలకు 3 శాతం అన్నది వినడానికి చిన్న అంకె. ఏడాదికి అది 36 శాతం, వడ్డీ మీద వడ్డీ కూడా కలిపితే 42 శాతం దాటుతుంది. ఆమె కార్డు మీద కొత్తగా ఏమీ కొనకుండా నెలకు 5,000 చొప్పున కడుతూ వస్తోంది. అదే పద్ధతిలో కొనసాగితే బాకీ తీరడానికి పదకొండు నెలలు పడుతుంది, వడ్డీ కింద సుమారు 8,250 పోతుంది. కనీస చెల్లింపు మాత్రమే కట్టేవారి పరిస్థితి ఇంకా కష్టం. కనీస చెల్లింపు బాకీలో 5 శాతం అనుకుంటే మొదటి నెల కట్టేది 2,250, అందులో 1,350 వడ్డీకే పోయి, అసలు తగ్గేది 900 మాత్రమే. పైగా బాకీ మిగిలి ఉన్నంత కాలం చాలా కార్డులలో కొత్త కొనుగోళ్లకు ఉండే వడ్డీ లేని గడువు రద్దవుతుంది, అంటే ఈ రోజు కొన్నదానికి ఈ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

ఈ 36 శాతాన్ని, ప్రమాదం లేకుండా దాచుకునే డబ్బు మీద వచ్చేదానితో పోల్చి చూద్దాం. డిపాజిట్ మీద 7 శాతం వడ్డీ వస్తుందని, దాని మీద 20 శాతం పన్ను పోతుందని అనుకుంటే నికరంగా మిగిలేది 5.6 శాతం. కార్డు బాకీ ఉండగా డబ్బును డిపాజిట్‌లో ఉంచుకోవడమంటే ఏడాదికి నూటికి 30కి పైగా వదులుకోవడమే. "చేతిలో డబ్బు లేకుండా పోతుందేమో" అన్న భయం న్యాయమైనదే, కానీ ఈ ఒక్క అప్పు విషయంలో ఆ భయానికి కొంత జవాబు ఉంది. కార్డు బాకీ తీర్చినప్పుడు ఆ మేరకు కార్డు పరిమితి తిరిగి ఖాళీ అవుతుంది కనుక, నిజంగా ఆపద వస్తే మళ్లీ వాడుకునే వీలు చాలావరకు ఉంటుంది. ఆ పరిమితిని తగ్గించే హక్కు కార్డు ఇచ్చినవారికి ఉంటుందన్నది, అన్ని చెల్లింపులూ కార్డుతో కుదరవన్నది గుర్తుంచుకోవాలి. అందుకే బ్యాంకులో ఇప్పటికే ఉన్న 35,000ను ఆమె కదపనవసరం లేదు. బోనస్‌లోంచి మాత్రం బాకీ మొత్తం తీర్చాలి, సగం కాదు.

పర్సనల్ లోన్: పైకి కనిపించే రేటు వేరు, అసలు రేటు వేరు

ఇక్కడ చాలామంది తడబడతారు. కార్డు తరువాత ఎక్కువ వడ్డీ ఉన్న అప్పు పర్సనల్ లోన్ కాబట్టి తరువాతి వంతు దానిదే అనిపిస్తుంది. వడ్డీ ఎక్కువ ఉన్న అప్పును ముందు తీర్చాలన్న సూత్రం సరైనదే. కానీ ఆ సూత్రాన్ని కాగితం మీద రాసిన వడ్డీకి కాకుండా, ఈ రోజు తీర్చేస్తే నిజంగా మిగిలేదానికి వర్తింపజేయాలి.

ఆమె మిగిలిన పన్నెండు వాయిదాలలో ఒక్కొక్కటి 5,387. అన్నీ కడితే మొత్తం సుమారు 64,650, అందులో వడ్డీ భాగం 4,650 మాత్రమే. అసలు నెలనెలా తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి, 60,000 మీద 14 శాతం అంటే 8,400 అని అనుకోవడం పొరపాటు. ఇప్పుడే తీర్చేయాలంటే 60,000కు రుసుము 1,800 కలిపి 61,800 కట్టాలి. అలా కడితే మిగిలేది సుమారు 2,850. ఈ రోజు 61,800 ఇచ్చి పన్నెండు నెలల పాటు నెలకు 5,387 చొప్పున తప్పించుకోవడాన్ని వడ్డీ రేటుగా మారిస్తే అది ఏడాదికి సుమారు 8.4 శాతం అవుతుంది. 14 శాతం అప్పు, రుసుము వల్ల, 9 శాతం ఇంటి రుణం కన్నా కిందికి దిగిపోయింది. ముందస్తు చెల్లింపు రుసుము ఉండి గడువు చివరికి వచ్చిన అప్పులలో ఇలాగే జరుగుతుంది, ఎందుకంటే మిగిలిన వడ్డీ కొద్దిపాటిదే అయినా రుసుము మొత్తం ఒకేసారి మీద పడుతుంది. అదే లోన్‌లో ఇంకా నాలుగేళ్లు మిగిలి ఉంటే ఆ 3 శాతం రుసుము ఎక్కువ కాలం మీద పరుచుకుని, తీర్చేయడమే లాభంగా కనిపించేది.

అయినా తీర్చేయడానికి అనుకూలంగా ఒక మాట ఉంది. వాయిదా పోతే నెలకు 5,387 చేతిలో మిగులుతుంది, తప్పనిసరి ఖర్చు 50,000 నుంచి 44,613కు తగ్గుతుంది, దాంతో అత్యవసర నిధి కూడా ఆ మేరకు తక్కువ సరిపోతుంది. జీతం తగ్గే సూచనలు ఉన్నవారికి, నెల చివర చేతులు కట్టేసినట్టుండేవారికి ఇది వడ్డీ లెక్క కన్నా పెద్ద విషయం. రుసుము లేకపోయి ఉంటే ఈమె విషయంలో కూడా నేను రెండుసార్లు ఆలోచించేవాడిని. రుసుముతో మాత్రం, ఆ 61,800ను ఇచ్చేసి దాదాపు ఒక నెల ఖర్చుకు సరిపడే నిధితో మాత్రమే మిగలడం కన్నా, ఏడాదిలో దానంతట అది తీరిపోయే లోన్‌ను అలాగే వదిలేయడమే సరైనదని నా అభిప్రాయం. ముందస్తు చెల్లింపు రుసుము ఎంతో రుణ ఒప్పందంలో రాసి ఉంటుంది. ఫోను మీద అడిగి తెలుసుకున్నదాని మీద ఆధారపడకుండా, ఈ తేదీన ఖాతా మూసివేయాలంటే మొత్తం ఎంత కట్టాలో రాతపూర్వకంగా అడిగి తీసుకుంటే రుసుము, దాని మీద పన్ను, ఆ నెల వడ్డీ అన్నీ అందులో కనిపిస్తాయి.

స్నేహితుల దగ్గర, బంధువుల దగ్గర తీసుకున్న చేబదులు ఉంటే ఈ లెక్క దానికి వర్తించదు. వడ్డీ లేదు కాబట్టి దాన్ని చివరికి నెట్టడం న్యాయం కాదు. ఇచ్చినవారికి ఆ డబ్బు అవసరమైన సమయం వచ్చి ఉంటే, కార్డు బాకీతో సమానంగా చూసి తీర్చాలి.

ఇంటి రుణం: పెద్ద అంకె చూసి మోసపోకూడదు

ఇంటి రుణానికి అదనంగా కడితే ఎంత మిగులుతుందో చూపించే లెక్కలు చాలా ఆకర్షణీయంగా ఉంటాయి. ఆమె వాయిదా 20,285. ఇప్పుడు 1,00,000 అదనంగా కట్టి, వాయిదాను అలాగే ఉంచి గడువు తగ్గించమని అడిగితే, 180 నెలల బదులు సుమారు 162 నెలల్లో రుణం తీరిపోతుంది. దాదాపు పద్దెనిమిది వాయిదాలు తప్పుతాయి, అంటే సుమారు 3,60,000 కట్టనవసరం ఉండదు. లక్ష కట్టి మూడున్నర లక్షలకు పైగా తప్పించుకున్నామంటే ఎవరికైనా ఇంతకన్నా మంచి అవకాశం లేదనిపిస్తుంది.

అయితే ఆ తప్పిన వాయిదాలన్నీ పదమూడున్నర, పదిహేనేళ్ల తరువాత కట్టవలసినవి. అదే 1,00,000ను 9 శాతం నెలసరి చక్రవడ్డీకి పదిహేనేళ్లు ఉంచితే సుమారు 3,84,000 అవుతుంది. అంటే ఆ పెద్ద అంకెలో కొత్తగా కలిసివచ్చిన లాభం ఏమీ లేదు, 9 శాతం వడ్డీ పదిహేనేళ్లలో ఎలా పెరుగుతుందో అదే ఇంకో రూపంలో కనిపిస్తోంది. ఇంటి రుణానికి ముందస్తుగా కట్టడమంటే సరిగ్గా 9 శాతం రాబడి, అంతకన్నా ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఆ రుణం వడ్డీ మీద పన్ను రాయితీ పొందుతున్నవారికి అది ఇంకా తగ్గుతుంది. ప్రమాదం లేని 9 శాతం మంచి రాబడే, 5.6 శాతం డిపాజిట్ కన్నా మెరుగే. కార్డు మీద 36 శాతం బాకీ ఉండగా దీనివైపు చూడడం మాత్రం తప్పు.

కట్టదలచుకున్నవారు ఒక విషయం తప్పక గమనించాలి. అదనంగా కట్టినప్పుడు గడువు తగ్గించాలా, వాయిదా తగ్గించాలా అన్న ఎంపిక ఉంటుంది. వాయిదా తగ్గించమంటే ఆమె వాయిదా 19,271 అవుతుంది, నెలకు 1,014 మిగులుతుంది, పదిహేనేళ్లలో తప్పే వడ్డీ సుమారు 82,500. గడువు తగ్గిస్తే తప్పే వడ్డీ సుమారు 2,60,000. ఈ తేడా చూసి వాయిదా తగ్గించుకోవడం తెలివితక్కువ పని అనేవారు ఉన్నారు, కానీ నెలనెలా మిగిలే ఆ 1,014ను మళ్లీ రుణానికే కట్టేవారికి రెండు దారులూ దాదాపు ఒకే చోటికి చేరుస్తాయి. ఆ మిగులు తెలియకుండా ఖర్చయిపోయేవారికి గడువు తగ్గించుకోవడం క్షేమం. నెల ఖర్చుకు ఊపిరాడని వారికి వాయిదా తగ్గించుకోవడం క్షేమం.

ఇంటి రుణానికి ఇచ్చిన డబ్బు సాధారణంగా తిరిగి రాదు. అదనంగా కట్టినదాన్ని మళ్లీ తీసుకునే ఓవర్‌డ్రాఫ్ట్ సదుపాయం ఉన్న రుణమైతే సంగతి వేరు. అందులో డబ్బు ఉంచితే వడ్డీ తగ్గుతుంది, అవసరానికి వెనక్కి కూడా వస్తుంది, కాబట్టి అత్యవసర నిధిని కూడా అక్కడే ఉంచవచ్చు. అలాంటి సదుపాయానికి కొన్నిచోట్ల వడ్డీ రేటు కాస్త ఎక్కువగా ఉంటుంది కనుక, ఆ అదనాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అత్యవసర నిధి: దాని ఖరీదు ఎంత

ఈ ఉద్యోగిని అసలు ఎంపిక ఇక్కడే ఉంది. కార్డు తీర్చాక మిగిలే డబ్బులో 50,000ను 9 శాతం ఇంటి రుణానికి కట్టాలా, లేక నికరంగా 5.6 శాతమే వచ్చే డిపాజిట్‌లో ఉంచాలా? మొదటి ప్రశ్న ప్రకారం చూస్తే రుణమే గెలుస్తుంది. తేడా 3.4 శాతం, అంటే 50,000 మీద ఏడాదికి 1,700. నిధిని చేతిలో ఉంచుకోవడానికి ఆమె చెల్లించే ఖరీదు ఇదే.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. ఆ 50,000ను రుణానికి కట్టేశాక ఆసుపత్రి ఖర్చో, రెండు నెలలు జీతం ఆలస్యం కావడమో జరిగి, ఆమె 50,000ను కార్డు మీద తీసుకుని ఆరు నెలలు తీర్చలేకపోతే, వడ్డీ మీద వడ్డీ కలపకుండానే 9,000 అవుతుంది. 1,700కు 9,000 ఐదు రెట్లకు కాస్త ఎక్కువ. అంటే అయిదేళ్లకొకసారి అలాంటి అవసరం పడినా నిధి ఉంచుకున్న ఖర్చు తిరిగి వచ్చేస్తుంది. చాలా కుటుంబాలలో పెద్ద అనుకోని ఖర్చు అంతకన్నా తరచుగానే వస్తుంది. ఇప్పటికే మూడు, నాలుగు నెలల ఖర్చు దాచుకున్నవారికి మాత్రం అదనంగా దాచే ప్రతి మొత్తం అక్కరకు వచ్చే అవకాశం తక్కువ కాబట్టి, వారు రుణానికి కట్టుకోవడమే మంచిది. ఎన్ని నెలల ఖర్చు ఉండాలన్నది జీతం ఎంత స్థిరమైనదో, ఇంట్లో సంపాదించేవారు ఎందరో చూసి నిర్ణయించుకోవాలి. ఒక్కరి సంపాదన మీద నడిచే ఇంటికి మూడు నెలలు చాలదు, ఆరు నెలలు కావాలి. ఇద్దరు వేర్వేరు రంగాలలో పనిచేస్తుంటే మూడు నెలలతో గడిచిపోతుంది.

ఇదే డబ్బును షేర్లలో పెడితే 9 శాతం కన్నా ఎక్కువ రావచ్చు కదా అని అడిగేవారు ఉంటారు. రావచ్చు, కానీ రుణం మీద మిగిలే 9 శాతం ఖాయమైనది, షేర్ల మీద వచ్చేది ఖాయం కానిది. ఈ రెంటినీ ఒకే తూకంలో వేయకూడదు. పదేళ్లకు పైగా కదపనవసరం లేని డబ్బు ఉన్నప్పుడే ఆ ప్రశ్న అడగాలి. ఒక నెల ఖర్చు కూడా చేతిలో లేనప్పుడు అది అడగవలసిన ప్రశ్న కాదు.

ఖర్చు: మూడు రకాలు

ఖర్చు కింద వచ్చేవాటిలో మొదటి రకం, వాయిదా వేస్తే పెరిగేవి. కారే పైకప్పు, పంటి చికిత్స, అరిగిపోయిన వాహనపు టైర్లు ఈ కోవలోకి వస్తాయి. వీటిని నేను పొదుపు కిందే లెక్కిస్తాను, ఇంటి రుణం కన్నా ముందు వరుసలో పెడతాను. ఇవాళ పదివేలతో పోయే మరమ్మతు వచ్చే ఏడాదికి పాతికవేలు అయ్యేదైతే, దాన్ని మించిన రాబడి ఏ డిపాజిట్‌లోనూ రాదు.

రెండో రకం, ఏడాదికొకసారి వస్తాయని ముందే తెలిసిన చెల్లింపులు. ఈ ఉద్యోగిని కార్డు మీద 45,000 పేరుకుపోవడానికి మూలం వృథా ఖర్చు కాదు. బీమా ప్రీమియం, పిల్లల ఫీజు ఒకే నెలలో వచ్చి, ఆ నెల జీతానికి మించిపోవడంతో కార్డు మీదికి వెళ్లాయి. బాకీ ఎలా పుట్టిందో చూడకుండా దాన్ని తీర్చేస్తే వచ్చే ఏడాది అదే నెలలో మళ్లీ పుడుతుంది. కాబట్టి గత పన్నెండు నెలల కార్డు స్టేట్‌మెంట్లను ముందు పెట్టుకుని, బాకీ ఏ నెలలో మొదలైందో, ఏ చెల్లింపుతో మొదలైందో గుర్తించాలి. ఆ చెల్లింపు కోసం బోనస్‌లోంచి కొంత విడి ఖాతాలో వేయాలి, మిగతాది నెలనెలా కలపాలి. బాకీ ఒక్క పెద్ద చెల్లింపు వల్ల కాకుండా ప్రతి నెలా కొద్దికొద్దిగా పెరిగి ఉంటే మాత్రం, జీతం కన్నా ఖర్చు ఎక్కువగా ఉందని అర్థం. బోనస్ దాన్ని సరిచేయలేదు, నెల ఖర్చునే తగ్గించుకోవాలి.

మూడో రకం, మనసుకు నచ్చి చేసే ఖర్చు. అప్పు ఉన్నవారు దీనికి ఒక్క పైసా కూడా ఇవ్వకూడదనే సలహాను నేను ఒప్పుకోను. ఏడాదంతా కష్టపడి సంపాదించిన దానిలో ఏమీ అనుభవించకుండా మొత్తం కట్టేసినవారు, రెండు నెలల తరువాత లెక్క లేకుండా కార్డు మీద కొనడం చాలా చోట్ల కనిపిస్తుంది. అధిక వడ్డీ బాకీ ఉన్న ఏడాది పదో వంతు, అది తీరిపోయిన తరువాతి ఏళ్లలో అయిదో వంతు దాకా ఖర్చుకు తీయడం సబబు. షరతు ఒకటే: ఆ కొనుగోలు ఈ మొత్తంతోనే పూర్తి కావాలి. బోనస్‌ను మొదటి చెల్లింపుగా ఇచ్చి మిగతాది వాయిదాల మీద తీసుకుంటే అది ఖర్చు కాదు, కొత్త అప్పు. కొన్న తరువాత నెలనెలా చందా, ఇంధనం, నిర్వహణ అడిగే వస్తువైతే ఏడాది మొత్తం నిర్వహణను కూడా ఆ పదో వంతులోనే లెక్కించాలి.

పంపకం

పై లెక్కల ప్రకారం ఆమె 1,20,000 ఇలా పంచుకుంటుంది. కార్డుకు 46,500 పక్కన పెడుతుంది, అందులో 45,000 బాకీ, మిగతాది చెల్లించే రోజు దాకా పడే వడ్డీకి. అత్యవసర నిధికి 50,000 చేరుతుంది, దాంతో నిధి 85,000 అవుతుంది. ఏడాదికొకసారి వచ్చే చెల్లింపుల ఖాతాకు 11,500, మనసుకు నచ్చిన ఖర్చుకు 12,000. పర్సనల్ లోన్‌కు, ఇంటి రుణానికి ఈ ఏడాది అదనంగా ఏమీ లేదు. ఇన్నాళ్లూ కార్డుకు కడుతున్న నెలకు 5,000 ఇకపై నిధిలోకి వెళితే, పన్నెండు నెలల్లో 60,000 చేరి నిధి 1,45,000 అవుతుంది, దాదాపు మూడు నెలల ఖర్చు. ఈ 5,000ను జీతం పడిన మరునాడే దానంతట అది మళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేయకపోతే ఈ పంపకంలో సగం బలం పోతుంది, ఎందుకంటే బోనస్ చేసిన పని కన్నా, అది విడిపించిన నెలసరి డబ్బు చేసే పని పెద్దది.

పరిస్థితి మారితే పంపకం మారుతుంది. కార్డు బాకీ లేకుండా, నిధి ఇప్పటికే 1,50,000 ఉండి ఉంటే, ఇంటి రుణానికి 80,000 దాకా కట్టమనేవాడిని. ఉద్యోగం ఊగిసలాటలో ఉంటే కార్డు తీర్చాక మిగిలినదంతా నిధిలోకే వేయమనేవాడిని. పదవీ విరమణ నిధికి ఉద్యోగి కట్టినంత తామూ కలుపుతామని యాజమాన్యం అంటే, డబ్బు అక్కడికక్కడే రెట్టింపవుతుంది కాబట్టి కార్డు తరువాతి వంతు దానికే ఇవ్వాలి, అయితే ఆ డబ్బు చాలా ఏళ్లు చేతికి రాదన్న సంగతి తెలిసి ఇవ్వాలి.

కట్టిన తరువాత చూడవలసినవి

కార్డు బాకీని స్టేట్‌మెంట్‌లో ఉన్న అంకె చూసి కట్టేసి, పని అయిపోయిందనుకోకూడదు. స్టేట్‌మెంట్ తయారైన రోజు నుంచి చెల్లించిన రోజు దాకా పడిన వడ్డీ తరువాతి స్టేట్‌మెంట్‌లో వస్తుంది. ఆ చిన్న మొత్తాన్ని గమనించక వదిలేస్తే ఆలస్య రుసుము పడుతుంది. అందువల్ల వరుసగా రెండు స్టేట్‌మెంట్లలో వడ్డీ గడి సున్నా చూపించేదాకా చూస్తూ ఉండాలి. ఆటోమేటిక్ చెల్లింపు కనీస మొత్తానికి పెట్టి ఉంటే దాన్ని పూర్తి బాకీకి మార్చాలి.

ఇంటి రుణానికో మరో రుణానికో అదనంగా కట్టేవారు, ఈ మొత్తాన్ని అసలులోంచి తగ్గించమని, గడువు తగ్గించమని రాతపూర్వకంగా అడగాలి. అలా అడగకపోతే కొందరు రుణదాతలు ఆ డబ్బును రాబోయే నెలల వాయిదాల కింద జమకట్టి ఉంచుతారు, అప్పుడు అసలు వెంటనే తగ్గదు, వడ్డీ మిగలదు. సరిగా జమ అయిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. తరువాతి నెల ఖాతా వివరాలలో మిగిలిన అసలు, కట్టిన మొత్తమంతా తగ్గి కనిపించాలి, వాయిదాలోని వడ్డీ భాగం ముందు నెల కన్నా స్పష్టంగా తక్కువ ఉండాలి. 1,00,000 కట్టినవారికి 9 శాతం రేటు మీద ఆ తగ్గుదల నెలకు 750 ఉంటుంది. అంత కనిపించకపోతే వెంటనే కొత్త వాయిదాల పట్టిక అడిగి తీసుకోవాలి. ఏ లోన్ అయినా పూర్తిగా తీరినప్పుడు బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకుని, రుణ చరిత్ర నివేదికలో ఆ ఖాతా మూసివేసినట్టు నమోదైందో లేదో ఒకటి రెండు నెలల తరువాత చూసుకోవాలి.